రూపాయి డాలరయ్యే దారిలో తరుగు

అమెరికాలో చదవబోయే విద్యార్థి డబ్బు మూడు విడతలుగా దేశం దాటుతుంది. మొదటిది యూనివర్సిటీకి కట్టే ఫీజు, రెండోది ప్రయాణంలో వెంట తీసుకెళ్లే డబ్బు, మూడోది అక్కడ ఖాతా తెరిచాక ఇంటి నుంచి అందే ఖర్చుల డబ్బు. మూడింటికీ దారులు వేరు. తరుగు ఎక్కువగా వచ్చే చోటు మాత్రం ఒకటే: రూపాయలను డాలర్లుగా మార్చే రేటు. బ్యాంకు తీసుకునే చార్జీ రసీదులో విడిగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని చూస్తారు. రేటులోనే కలిసిపోయిన లాభం ఏ రసీదులోనూ ఉండదు. అందుకే వెయ్యి రూపాయల చార్జీ గురించి బేరమాడినవారే, రేటులో ఇరవై వేలు పోతున్నా గమనించరు.

రేటు ఒకటి కాదు

బ్యాంకులు తమలో తాము డాలర్లు కొని అమ్ముకునే రేటు ఒకటుంటుంది. ఇంటర్నెట్‌లో 'డాలరు ఎంత' అని వెతికితే కనిపించేది దాదాపు అదే. దానికి దగ్గరగా ఉండే రిఫరెన్స్ రేటును ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రతి పనిదినం మధ్యాహ్నం ప్రకటిస్తుంది. 2018కి ముందు ఈ పని రిజర్వు బ్యాంకే చేసేది. ఈ రేటుకు మామూలు ఖాతాదారుకు డాలర్లు దొరకవు. అయినా పోల్చి చూసుకోవడానికి కొలబద్ద ఇదే.

ఖాతాదారుకు వర్తించే రేట్లు బ్యాంకు రోజూ పెట్టే పట్టికలో ఉంటాయి. విదేశీ ఖాతాకు డబ్బు పంపేవారు చూడాల్సింది 'టీటీ సెల్లింగ్' రేటు. ఫారెక్స్ కార్డులో డాలర్లు వేయించుకుంటే ఒక రేటు, నోట్లు కొంటే మరో రేటు ఉంటుంది. నోట్లను తెప్పించడం, దాచడం, లెక్కపెట్టడం బ్యాంకుకు ఖర్చుతో కూడిన పని కాబట్టి సాధారణంగా నోట్ల రేటే అన్నిటికంటే ప్రియం. విమానాశ్రయం కౌంటర్లలో అది ఇంకా ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అక్కడికి వచ్చేవారికి మరో దుకాణం వెతికే వ్యవధి ఉండదు.

పట్టికలో ఉన్న రేటే చివరి మాట కాదు. నాలుగైదు వేల డాలర్లకు మించి పంపేటప్పుడు బ్రాంచి మేనేజరును అడిగితే, ఆయన ట్రెజరీ విభాగంతో మాట్లాడి కొంత తగ్గించే అవకాశం ఉంది. విద్యారుణం ఇచ్చిన బ్యాంకు నేరుగా యూనివర్సిటీకి డబ్బు పంపేటప్పుడు కూడా ఈ మాట అడగవచ్చు. రుణం వచ్చిందన్న సంతోషంలో చాలా కుటుంబాలు ఏ రేటుకు పంపారో కూడా చూసుకోవు.

ఒక ఫీజు, రెండు కొటేషన్లు

గుంటూరులో ఉన్న తండ్రి కొడుకు సెమిస్టరు ఫీజు 12,000 డాలర్లు పంపాలనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి ఆ రోజు ఇంటర్నెట్‌లో కనిపించే రేటు రూ.90 అనుకుందాం. మొదటి బ్యాంకు 'చార్జీలు సున్నా' అంటూ డాలరుకు రూ.92 చెప్పింది. రెండో బ్యాంకు రూ.90.70 చెప్పి, పంపినందుకు రూ.1,500 అదనంగా అడిగింది.

మొదటి బ్యాంకులో డాలర్ల ఖరీదు రూ.11,04,000. దీనికి కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ కలుస్తుంది. ఈ పన్నును మొత్తం సొమ్ము మీద కాకుండా, మార్పిడి సేవ విలువగా ప్రభుత్వం లెక్కకట్టిన చిన్న భాగం మీదే 18 శాతం చొప్పున వేస్తారు. పది లక్షలు దాటితే ఆ విలువ రూ.5,500, దాటిన సొమ్ము మీద మరో 0.1 శాతం. ఇక్కడ పన్ను సుమారు రూ.1,009 అవుతుంది. తండ్రి ఖాతా నుంచి పోయేది మొత్తం రూ.11,05,009.

రెండో బ్యాంకులో డాలర్ల ఖరీదు రూ.10,88,400. చార్జీ రూ.1,500, దాని మీద జీఎస్టీ రూ.270, మార్పిడి మీద జీఎస్టీ సుమారు రూ.1,006 కలిపితే రూ.10,91,176. చార్జీ తీసుకున్న బ్యాంకే రూ.13,800కు పైగా చవక. కొలబద్ద రేటు ప్రకారం 12,000 డాలర్ల విలువ రూ.10,80,000. ఆ లెక్కన మొదటి దారిలో తరుగు సుమారు రూ.25,000, రెండో దారిలో రూ.11,200.

అందువల్ల ఏ బ్యాంకునైనా, ఏ యాప్‌నైనా అడగాల్సింది చార్జీ ఎంతని కాదు. అవతలి ఖాతాలో సరిగ్గా 12,000 డాలర్లు పడాలంటే, అన్నీ కలిపి ఇవతల ఎన్ని రూపాయలు పోతాయో అడగాలి. రేటు రోజులో కూడా మారుతుంది కాబట్టి రెండు కొటేషన్లూ ఒకే రోజు, దాదాపు ఒకే సమయంలో తీసుకోవాలి. వారాంతంలో మార్కెట్ మూసి ఉంటుంది. అప్పుడు ఇచ్చే రేటులో, సోమవారం రూపాయి పడిపోవచ్చన్న భయానికి కూడా కొంత కలిపే వీలుంది.

పంపడానికి కావలసిన కాగితాలు

భారతదేశంలో నివసించే వ్యక్తి రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. దీన్నే బ్యాంకులో ఎల్ఆర్ఎస్ అంటారు. పంపే వ్యక్తి పాన్, ఏ2 ఫారం, విద్యార్థి పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం, ఫీజు ఇన్వాయిస్ సిద్ధంగా ఉండాలి. ఆ బ్యాంకులో ఖాతా తెరిచి ఏడాది కాకపోతే, వేరే బ్యాంకులోని ఏడాది స్టేట్‌మెంటు అడుగుతారు. ప్రయాణానికి రెండు రోజుల ముందు కొత్త ఖాతా తెరిచి డబ్బు పంపబోయినవారు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు.

ఏ2 ఫారంలో డబ్బు ఎందుకు పంపుతున్నారో తెలిపే కోడ్ ఒకటి ఉంటుంది. చదువు కోసమైతే అది S0305. ఫీజుతోపాటు హాస్టలు వంటి ఖర్చులు కూడా ఇందులోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో పంపేటప్పుడు పొరపాటున 'కుటుంబ పోషణ' ఎంచుకుంటే, మూలంలోనే వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, మారిపోతుంది. 2025-26 నియమాల ప్రకారం ఒక పాన్ మీద ఏడాదిలో రూ.10 లక్షల వరకు టీసీఎస్ లేదు. దాటిన సొమ్ము మీద ఆ ఏడాది చదువుకైతే 5 శాతం, కుటుంబ పోషణ వంటి వాటికైతే 20 శాతం ఉండేది. గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యారుణం నుంచి పంపితే అసలు లేదు. ఈ రేట్లు బడ్జెట్లలో తరచు మారుతున్నాయి కాబట్టి పంపే ఏడాది రేటును బ్యాంకులో కనుక్కోవాలి.

పై ఉదాహరణలో తండ్రి రెండో బ్యాంకును ఎంచుకుంటే, 2025-26 రేటు ప్రకారం పది లక్షలు దాటిన రూ.88,400 మీద 5 శాతం చొప్పున రూ.4,420 టీసీఎస్ పడేది. ఇది తరుగు కాదు. తండ్రి పాన్ కింద జమ అవుతుంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు, పన్ను కట్టాల్సింది లేకపోతే తిరిగి వస్తుంది. కానీ రిటర్ను వేస్తేనే వస్తుంది. వ్యవసాయ ఆదాయమే ఉండి ఎప్పుడూ రిటర్ను వేయని కుటుంబాలు ఈ సొమ్మును వదిలేసుకునే ప్రమాదం ఉంది. పరిమితి పాన్‌కు విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి, తల్లికి సొంత ఖాతా, సొంత డబ్బు ఉంటే ఆగస్టు ఫీజు తండ్రి, జనవరి ఫీజు తల్లి పంపుకోవచ్చు. ఆ రెండు నెలలూ ఒకే ఆర్థిక సంవత్సరంలో వస్తాయి కాబట్టి ఇద్దరు పంచుకోవడం వల్ల ప్రయోజనం ఉంటుంది.

దారిలో కోసుకునే డాలర్లు

గుంటూరు బ్రాంచి నుంచి బయలుదేరిన డబ్బు నేరుగా అమెరికా ఖాతాకు చేరదు. స్విఫ్ట్ సందేశం ద్వారా మధ్యలో ఒకటి రెండు బ్యాంకుల మీదుగా వెళుతుంది. ఆ బ్యాంకులు తమ చార్జీని పంపిన సొమ్ములోంచే తీసుకోవచ్చు. 12,000 డాలర్లు పంపితే 11,975 మాత్రమే చేరడం అలా జరుగుతుంది. యూనివర్సిటీ లెక్కలో 25 డాలర్లు బాకీ ఉన్నట్టే. గడువు దాటితే ఆలస్య రుసుము పడవచ్చు, తర్వాతి సెమిస్టరు రిజిస్ట్రేషన్‌ను కూడా ఆపవచ్చు.

దీన్ని నివారించడానికి పంపే ఫారంలో చార్జీల దగ్గర OUR అని ఎంచుకోవాలి. మధ్య బ్యాంకుల ఖర్చు కూడా పంపేవారే ముందుగా కడతారని దీని అర్థం. SHA అని ఉంటే ఖర్చు ఇద్దరూ పంచుకుంటారు, అంటే చేరే సొమ్ము తగ్గుతుంది. కొన్ని యూనివర్సిటీలు ఫ్లైవైర్ వంటి చెల్లింపు సంస్థల ద్వారా ఫీజు తీసుకుంటాయి. వాటిలో రూపాయల్లో కట్టేయవచ్చు, యూనివర్సిటీకి పూర్తి ఫీజు చేరుతుంది. ఇందులో కోత భయం తక్కువ. అయినా ఆ సంస్థ చూపే రూపాయల మొత్తాన్ని బ్యాంకు కొటేషన్‌తో పోల్చకుండా కట్టకూడదు. ఏ దారిలో పంపినా స్విఫ్ట్ కాపీ అడిగి తీసుకోవాలి. డబ్బు ఎక్కడైనా ఆగితే దాని ఆచూకీ తీయడానికి ఆధారం అదే.

వెంట తీసుకెళ్లేది

విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే కొనవచ్చని రిజర్వు బ్యాంకు నియమం. అంతకు మించినది ఫారెక్స్ కార్డులో వేయించుకోవాలి. విద్యార్థికి అంత నగదు అవసరమూ ఉండదు. ట్యాక్సీ, మొదటి వారం తిండి, చిన్న ఖర్చులకు నాలుగైదు వందల డాలర్ల నోట్లు సరిపోతాయి. గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె, పరుపు, వంట సామాను వంటి వాటికి కార్డు వాడుకోవచ్చు.

ఫారెక్స్ కార్డులో డాలర్లు వేసిన రోజునే రేటు ఖాయమవుతుంది. కాబట్టి అమెరికాలో డాలర్లలో ఖర్చు పెడితే మళ్లీ మార్పిడి జరగదు. మామూలు భారతీయ డెబిట్ కార్డును అక్కడ గీకితే చాలా బ్యాంకులు మూడున్నర శాతం వరకు మార్కప్, దాని మీద జీఎస్టీ వేస్తాయి. అయితే ఫారెక్స్ కార్డులో ఉన్న సొమ్మును అమెరికా ఖాతాలోకి మార్చడం తేలిక కాదు. ఏటీఎంలో తీసి జమ చేయాలి, తీసిన ప్రతిసారీ కార్డు ఇచ్చిన బ్యాంకుతోపాటు ఏటీఎం యజమాని కూడా రుసుము తీసుకోవచ్చు. అందువల్ల కార్డులో నెలన్నర, రెండు నెలల ఖర్చుకు మించి వేయకపోవడం మేలు. మిగిలినది ఖాతా తెరిచాక పంపుకోవచ్చు.

కార్డు వాడేటప్పుడు కొన్ని యంత్రాలు రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా అని అడుగుతాయి. రూపాయల్లో చూపిస్తే ఎంత ఖర్చయిందో తెలుస్తుందనిపిస్తుంది. కానీ ఆ రేటు దుకాణం తరఫు బ్యాంకు పెట్టుకున్నది, దాదాపు ఎప్పుడూ ప్రియమే. డాలర్ల ఫారెక్స్ కార్డుతో రూపాయలు ఎంచుకుంటే డాలరు రూపాయిగా, మళ్లీ డాలరుగా మారి రెండుసార్లు నష్టం. ఎప్పుడైనా USD అన్నదే నొక్కాలి.

అక్కడ ఖాతా తెరవడం

క్యాంపస్ దగ్గర ఉన్న బ్రాంచిలో విద్యార్థులకు ఖాతా తెరవడం సాధారణంగా ఒక పూటలో అయిపోతుంది. పాస్‌పోర్టు, వీసా, ఐ-20, దేశంలో ప్రవేశించిన రికార్డు అయిన ఐ-94 ప్రింటు, యూనివర్సిటీ ప్రవేశ పత్రం లేదా గుర్తింపు కార్డు, అద్దె ఒప్పందం వంటి చిరునామా ఆధారం, స్థానిక ఫోన్ నంబరు వెంట ఉండాలి. ఐ-94ను ప్రభుత్వ వెబ్‌సైటు నుంచి తీసుకోవచ్చు.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని వెనక్కి పంపితే వేరే బ్రాంచికి వెళ్లవచ్చు. ఉద్యోగం లేని ఎఫ్-1 విద్యార్థికి ఆ నంబరు ఇవ్వరు. విదేశీయుల విషయంలో పాస్‌పోర్టు నంబరుతో ఖాతా తెరవడానికి అమెరికా నియమాలే అనుమతిస్తాయి. తప్పనిసరిగా చేయాల్సిన సొంత నిబంధన ఒక్కో బ్యాంకుకు ఒక్కోలా ఉండవచ్చు. తాను అమెరికా పన్ను నివాసి కాదని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం మీద సంతకం అడుగుతారు. అది మామూలే.

రోజువారీ వాడకానికి తెరవాల్సింది చెకింగ్ ఖాతా. చాలా ఖాతాలకు నెలవారీ నిర్వహణ రుసుము ఉంటుంది. విద్యార్థి ఖాతా అని అడిగితే దాన్ని సాధారణంగా మాఫీ చేస్తారు. అయితే ఆ మాఫీకి వయసు పరిమితి ఉండవచ్చు. ఇరవై నాలుగు దాటి ఎంఎస్‌కు వెళ్లినవారు 'నా వయసుకు వర్తిస్తుందా, ఎప్పటి వరకు?' అని అడిగి తెలుసుకోవాలి. ఖాతాలో ఉన్నదాని కంటే ఎక్కువ ఖర్చయితే పడే ఓవర్‌డ్రాఫ్ట్ రుసుమును ఆపేయమని మొదటి రోజే చెప్పడం మంచిది. బ్యాంకు ఎఫ్‌డీఐసీలో, క్రెడిట్ యూనియన్ అయితే ఎన్‌సీయూఏ బీమాలో ఉంటే, 2,50,000 డాలర్ల వరకు డిపాజిట్‌కు రక్షణ ఉంటుంది.

పేరు దగ్గర తెలుగు విద్యార్థులకు ఒక చిక్కు తరచు ఎదురవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలోనే ఉంటే, అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, సొంత పేరు స్థానంలో FNU అని వస్తుంది. బ్యాంకు ఖాతా ఒక రకంగా, ఇంటి నుంచి పంపిన ఫారం మరో రకంగా ఉంటే డబ్బు మధ్యలో నిలిచిపోవచ్చు. ఖాతా స్క్రీన్ మీద పేరు ఎలా కనిపిస్తుందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఇంటికి పంపాలి.

ఇంటి నుంచి వచ్చే డబ్బు

తల్లిదండ్రులకు నాలుగు వివరాలు కావాలి: ఖాతా మీది పేరు, ఖాతా నంబరు, తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు, బ్యాంకు స్విఫ్ట్ కోడ్. యూరప్‌లో వాడే ఐబాన్ అమెరికాలో లేదు. రౌటింగ్ నంబరు దగ్గర జాగ్రత్త అవసరం. కొన్ని పెద్ద బ్యాంకుల్లో దేశంలోపలి చెల్లింపులకు ఒక నంబరు, వైర్‌కు మరో నంబరు ఉంటాయి. చెక్కు కింద అచ్చయ్యేది సాధారణంగా మొదటి రకం. బ్రాంచిలో 'విదేశం నుంచి వైర్ రావడానికి ఏ నంబరు?' అని ప్రత్యేకంగా అడగాలి. చిన్న క్రెడిట్ యూనియన్లలో చాలావాటికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. వాటికి మధ్యవర్తి బ్యాంకు వివరాలు కూడా కావాలి, చార్జీ మరొకటి పెరుగుతుంది.

వచ్చిన ప్రతి అంతర్జాతీయ వైర్‌కు అమెరికా బ్యాంకు కూడా సుమారు 15 డాలర్లు తీసుకోవచ్చు. విద్యార్థి ఖాతాల్లో కొన్నింటికి ఇది ఉండదు. పంపే వైపు చార్జీ, అందుకునే వైపు చార్జీ, మధ్య కోత ప్రతిసారీ ఒకే తీరుగా పడతాయి కాబట్టి, నెలకు 500 డాలర్ల చొప్పున పంపడం కంటే మూడు నెలలకోసారి 1,500 పంపితే చార్జీల భారం మూడో వంతుకు దిగుతుంది. మొదటిసారి మాత్రం చిన్న మొత్తం పంపి, సరిగా చేరిందో, ఎంత కోత పడిందో చూసుకుని ఆ తర్వాతే పెద్ద మొత్తం పంపాలి.

వాట్సాప్ మార్పిడి

అమెరికాలో తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉన్న ఊళ్లలో 'నా దగ్గర డాలర్లున్నాయి, మీ నాన్నగారు మా ఇంట్లోవాళ్లకి రూపాయలు వేస్తే ఇక్కడ మీ ఖాతాలో వేస్తాను' అనే మాట గ్రూపుల్లో వినిపిస్తూ ఉంటుంది. ఇంటర్నెట్ రేటుకే ఇస్తామంటారు, చార్జీలు ఉండవు. కానీ అధీకృత బ్యాంకు ప్రమేయం లేకుండా విదేశంలోని వ్యక్తి తరఫున ఇక్కడ చెల్లించడం విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టానికి, అంటే ఫెమాకు విరుద్ధం. జరిమానా ఆ సొమ్ముకు మూడు రెట్ల వరకు ఉండవచ్చు. అవతలి వ్యక్తి డాలర్లు ఎక్కడివో తెలియదు. మోసం సొమ్ము అయితే, అది వచ్చిన ఖాతాను బ్యాంకు స్తంభింపజేస్తుంది లేదా మూసేస్తుంది. వివరణ చెప్పుకోవాల్సింది విద్యార్థే.

ఇదే రకం మరో ఎర, ఫీజులో పది శాతం తగ్గించి కట్టిపెడతామనడం. దొంగిలించిన కార్డుతో ఫీజు కట్టి, యూనివర్సిటీ పోర్టల్‌లో 'చెల్లించబడింది' అని చూపించి, విద్యార్థి దగ్గర డబ్బు తీసుకుంటారు. కొన్ని వారాల తర్వాత కార్డు అసలు యజమాని ఫిర్యాదుతో చెల్లింపు రద్దవుతుంది. ఫీజు మళ్లీ మొదటికొస్తుంది, విద్యార్థి ఇచ్చిన డబ్బు తిరిగి రాదు.

ఇక్కడి ఖాతా సంగతి

చదువు కోసం విదేశానికి వెళ్లిన విద్యార్థిని ఫెమా కింద ప్రవాస భారతీయుడిగా పరిగణించాలని రిజర్వు బ్యాంకు 2003లోనే స్పష్టం చేసింది. కాబట్టి విద్యార్థి పేరిట స్వదేశంలో ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, విదేశీ చిరునామా ఆధారంతో బ్రాంచికి దరఖాస్తు ఇస్తే సరిపోతుంది. ఎల్ఆర్ఎస్ పథకం స్వదేశ నివాసులకే కాబట్టి, వెళ్లిపోయాక విద్యార్థి తన పాత ఖాతా నుంచి ఆ పథకం కింద తనకు తాను డబ్బు పంపుకోకూడదు. పంపాల్సింది తల్లిదండ్రులు తమ ఖాతా నుంచి, తమ పాన్ మీద.

ఓటీపీలు వచ్చే భారతీయ ఫోన్ నంబరును రోమింగ్‌లో బతికించి ఉంచితేనే ఈ ఖాతా దూరం నుంచి పనిచేస్తుంది. పంపిన ప్రతిసారీ ఏ2 కాపీ, స్విఫ్ట్ కాపీ, ఫీజు రసీదు, టీసీఎస్ సర్టిఫికెట్ ఒకే చోట దాచుకుంటే, పన్ను రిటర్ను వేసేటప్పుడు గానీ, బ్యాంకు డబ్బు మూలం అడిగినప్పుడు గానీ మళ్లీ వెతుక్కోవాల్సిన పని ఉండదు.